సగం, మూడో వంతు, ఆరో వంతు: ఒక అమ్మ వీలునామా

పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలంతా వెళ్లిపోయాక తెనాలిలోని ఆ ఇంట్లో ముగ్గురు తోబుట్టువులు, వాళ్లమ్మ స్నేహితురాలు మిగిలారు. స్నేహితురాలు కూడా ఆవిడతో పాటు టీచరుగా చేసి రిటైరైన మనిషే. తన దగ్గర దాచి ఉంచిన కవరు చించి, అందులో ఉన్నది ఉన్నట్టు చదివింది. సుభద్రమ్మ దాచుకున్న డబ్బులో సగం కూతురు లలితకు, మూడో వంతు పెద్దకొడుకు రమణకు, ఆరో వంతు చిన్నకొడుకు కిరణ్‌కు.

“ఇది అమ్మ మాటలా లేదు. ఎవరో దగ్గరుండి రాయించారు,” అన్నాడు రమణ, చెల్లెలి వైపు చూడకుండా.

“అమెరికాలో ఉన్నాను గనక నాకు అక్కర్లేదనుకుందా?” అన్నాడు కిరణ్.

“అన్నయ్యా, నేను అడిగి రాయించుకోలేదు. ఇంత రాసిందని నాకూ ఇప్పుడే తెలుసు,” అంది లలిత. ఆ మాట ఇద్దరూ నమ్మలేదు.

ఈ కుటుంబం కల్పితం. కానీ వీళ్లు అన్న మాటలు తెలుగు రాష్ట్రాల్లో ఏ సివిల్ లాయరును అడిగినా చెప్పగలిగేవే. తల్లి పిల్లలకు సమానంగా పంచకపోతే రెండు రకాల ప్రశ్నలు పుడతాయి. అలా రాసే హక్కు ఆమెకు ఉందా, ఆ కాగితం కోర్టులో నిలుస్తుందా అనేవి చట్టానికి సంబంధించినవి. అమ్మ ఎందుకిలా చేసింది అనేది మనసుకు సంబంధించినది. మూడో ప్రశ్నకు జవాబు దొరకని పిల్లలే మొదటి రెండింటినీ పట్టుకుని కోర్టు మెట్లెక్కుతారు. సుభద్రమ్మ కథను ఆసరాగా తీసుకుని ఈ మూడింటినీ వరసగా చూద్దాం.

ఎవరికి ఎంత తగ్గింది?

ముందు లెక్క. ఇల్లు సుభద్రమ్మ భర్తది. ఆయన బతికుండగానే దాన్ని ముగ్గురు పిల్లల పేరున సమానంగా రాసేశాడు. కాబట్టి ఇక్కడ తేలాల్సింది ఆమె సొంత డబ్బు ఒక్కటే. రిటైరైనప్పుడు వచ్చినదీ, పింఛనులో మిగిల్చినదీ కలిపి 36 లక్షలు. అందులో 20 లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్, 15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము, ఒక లక్ష సేవింగ్స్ ఖాతా.

వీలునామా లేకపోతే ఏం జరిగేది? హిందూ స్త్రీ వీలునామా రాయకుండా చనిపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆమె ఆస్తి కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు సమానంగా పోతుంది. భర్త ముందే పోయాడు కాబట్టి ముగ్గురికీ తలా 12 లక్షలు వచ్చేవి. వీలునామా ప్రకారమైతే లలితకు 18, రమణకు 12, కిరణ్‌కు 6 లక్షలు.

రమణకు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. సమానంగా పంచినా అతనికి వచ్చేది 12 లక్షలే. అయినా అందరికంటే ముందు కోపం వచ్చింది అతనికే. పంపకాల్లో తోబుట్టువులు తమ వాటాను రూపాయల్లో కొలుచుకోరు, పక్కవాళ్ల వాటాతో పోల్చుకుంటారు. అమ్మ తనకు 12 లక్షలు ఇచ్చిందన్నది అతని చెవికి ఎక్కలేదు, చెల్లెలికి తనకంటే 6 లక్షలు ఎక్కువిచ్చిందన్నదే ఎక్కింది. ‘పెద్దకొడుకుగా కర్మ చేసింది నేను, ఇన్నాళ్లూ ఇంటికి పెద్దదిక్కు నేను’ అన్న లెక్క అతని మనసులో వేరే నడుస్తోంది.

ఈ సందర్భంలో దాదాపు ప్రతి ఇంట్లో మరో వాదన లేస్తుంది. “దానికి పెళ్లిలో పెట్టాల్సింది పెట్టాం కదా” అని. తల్లి సొంత ఆస్తి విషయంలో ఈ వాదనకు చట్టంలో చోటు లేదు. ఆడపిల్లకు వాటా అనగానే ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో 1985 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన మార్పే చాలామందికి గుర్తొస్తుంది. ఆ మార్పు ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. తల్లి సొంత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా 1956 చట్టంలోనే ఉంది. పెళ్లికి ఎంత ఖర్చు పెట్టారన్నది అందులోంచి తీసేయడానికి వీల్లేదు.

తల్లికి ఆ హక్కు ఉందా?

ఉంది. సుభద్రమ్మ డబ్బు ఆమె స్వార్జితం. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ స్త్రీని తన ఆస్తికి పూర్తి యజమానిని చేసింది. 30వ సెక్షన్ ఆ ఆస్తిని వీలునామా ద్వారా ఇష్టమైనవారికి ఇచ్చే స్వేచ్ఛనిచ్చింది. ఆమె కావాలనుకుంటే మొత్తం ఒక్కరికే రాయవచ్చు, పిల్లలను వదిలేసి పనిమనిషికో అనాథాశ్రమానికో రాయవచ్చు. పిల్లలకు ఇంత తప్పనిసరిగా దక్కాలన్న కనీస వాటా ఏదీ హిందువుల వీలునామాల్లో లేదు.

ముస్లిం కుటుంబాల్లో పరిస్థితి వేరు. అక్కడ వీలునామా ద్వారా ఇవ్వగలిగేది మొత్తంగా మూడో వంతు దాకానే. సున్నీ సంప్రదాయంలో వారసుల్లో ఒకరికి ఎక్కువ రాయాలంటే మిగిలిన వారసులు ఒప్పుకోవాలి. క్రైస్తవులకు 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తుంది, వాళ్లకూ ఇష్టం వచ్చినట్టు పంచే స్వేచ్ఛ ఉంది.

‘అన్యాయంగా పంచింది కాబట్టి చెల్లదు’ అని హిందూ పిల్లలు కోర్టుకు వెళితే కేసు ఆ ఒక్క కారణంతో నిలవదు. సహజ వారసులకు తక్కువ రావడం, అసలు రాకపోవడం దానికదే అనుమానించదగ్గ విషయం కాదని 1995లో రవీంద్రనాథ్ ముఖర్జీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వారసత్వ క్రమాన్ని మార్చాలనే కదా మనిషి వీలునామా రాసేది అన్నది అక్కడి తర్కం. అందుకే తోబుట్టువుల తగాదా కోర్టుకు చేరేసరికి రూపు మార్చుకుంటుంది. ‘అమ్మ అన్యాయం చేసింది’ అన్న మాట పోయి ‘ఇది అమ్మ రాసింది కాదు’ అన్న మాట వస్తుంది. ఆ ఇంట్లో రమణ నోట మొట్టమొదట వచ్చిందీ అదే.

కాగితం ఎలా నిలుస్తుంది?

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్ల కాగితం మీద, తెలుగులో, సొంత దస్తూరితో రాసినా చెల్లుతుంది. కావాల్సింది భారతీయ వారసత్వ చట్టం 63వ సెక్షన్‌లో ఉంది. రాసినవాళ్లు సంతకమో వేలిముద్రో వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆ సంతకం చేస్తుండగా సాక్షులు చూసి ఉండాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని ఆమె స్వయంగా చెప్పగా విని ఉండాలి. ఆ తర్వాత ఆమె ఎదుటే తామూ సంతకాలు చేయాలి. సాక్షులిద్దరూ ఒకే సమయంలో అక్కడ ఉండాలన్న నియమం లేదు. అందులో ఏం రాసి ఉందో వాళ్లకు తెలియాల్సిన అవసరమూ లేదు.

సాక్షుల ఎంపికలోనే చాలా వీలునామాలు దెబ్బతింటాయి. తల్లి పోయాక వివాదం వస్తే ఆ సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకొచ్చి, ఆమె సంతకం చేయడం చూశాననీ ఆమె ముందే తాను సంతకం చేశాననీ చెప్పాలి. డెబ్బై నాలుగేళ్ల సుభద్రమ్మ తన ఈడు వాళ్లిద్దరిని సాక్షులుగా పెట్టుకుంటే, పదేళ్ల తర్వాత ఆ బోనెక్కడానికి ఎవరూ మిగలకపోవచ్చు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బయట దొరికిన ముక్కూమొహం తెలియని వాళ్లను పెట్టుకుంటే, అప్పటికి వాళ్ల ఆచూకీ దొరకదు. వయసులో చిన్నవాళ్లు, ఆమెను బాగా ఎరిగినవాళ్లు, వీలునామా వల్ల లాభం ఏమీ లేనివాళ్లు అయితే మంచిది. కుటుంబ డాక్టరు ఒప్పుకుంటే ఇంకా మేలు. ఆయన సాక్ష్యం సంతకంతో పాటు ఆమె మతి స్థిమితం గురించి కూడా మాట్లాడుతుంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయిస్తే కాగితం తారుమారు అయ్యే భయం తగ్గుతుంది, పోయినా నకలు దొరుకుతుంది. కానీ రిజిస్టరు చేసినంత మాత్రాన అనుమానాలన్నీ తీరిపోవు. రిజిస్టరైన వీలునామా తర్వాత మామూలు కాగితం మీద మరొకటి సక్రమంగా రాస్తే చెల్లేది చివరిదే.

“దగ్గరుండి రాయించుకుంది”

లలిత అదే ఊళ్లో ఉంటుంది. తండ్రి పోయిన దగ్గర్నుంచి ఆరేళ్లు తల్లిని చూసుకున్నది ఆమే. బ్యాంకుకు, ఆసుపత్రికి తీసుకెళ్లిందీ ఆమే. కాబట్టి తల్లి వీలునామా రాయాలనుకున్నప్పుడు లాయరు దగ్గరికి తీసుకెళ్లేదీ సహజంగా ఆమే అవుతుంది. ఈ సహజమైన పనే తర్వాత ఆమె మెడకు చుట్టుకుంటుంది.

ఈ విషయంలో దేశమంతటా కోర్టులు ఇప్పటికీ ఆధారంగా తీసుకునే తీర్పు 1958లో సుప్రీంకోర్టు ఇచ్చింది. మైసూరు ప్రాంతపు లక్ష్మమ్మ అనే వృద్ధురాలి వీలునామా మీద నడిచిన హెచ్. వెంకటాచల అయ్యంగార్ కేసు అది. వీలునామా చుట్టూ అనుమానించదగ్గ పరిస్థితులుంటే వాటిని తొలగించాల్సిన బాధ్యత దాన్ని కోర్టులో పెట్టినవాళ్లదేనని ఆ తీర్పు చెప్పింది. వణికిన సంతకం, బలహీనపడిన మనసు, సహజంగా తోచని పంపకం అలాంటి పరిస్థితులు. వీలునామా రాయించడంలో ముందుండి నడిపించినవాళ్లే దానివల్ల పెద్ద లాభం పొందితే అది కూడా అలాంటిదే. ఆ అనుమానాలు తీరనందువల్ల లక్ష్మమ్మ వీలునామాను కోర్టు అంగీకరించలేదు.

1990లో వచ్చిన రామ్‌పియారీ కేసు తోబుట్టువుల కథే. అందులో వీలునామా రాసింది తండ్రి. ఒక కూతురి కొడుకులకే ఆస్తి రాసి, రెండో కూతురికి ఏమీ ఇవ్వలేదు. అది రాసింది చనిపోవడానికి ఒక్కరోజు ముందు. రెండో కూతురిని ఎందుకు వదిలేశాడో తేల్చే కారణమేదీ కనబడలేదు. కింది కోర్టులు ఒప్పుకున్న ఆ వీలునామాను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. హెచ్చుతగ్గుల పంపకం ఒక్కటే ఉంటే అనుమానం రాదు. దానికి చివరి ఘడియల తొందర, కారణం లేకపోవడం, లాభం పొందేవాళ్లే పక్కన ఉండడం తోడైతే ఆ కాగితం బతకడం కష్టం.

అందుకే తల్లిని నిజంగా చూసుకున్న బిడ్డ వీలునామా పనికి మాత్రం దూరంగా ఉండాలి. లాయరును పిలిచేది, ఫీజు ఇచ్చేది, రిజిస్ట్రార్ ఆఫీసుకు తోడు వెళ్లేది వేరేవాళ్లై ఉండాలి. అల్లుడు సాక్షి సంతకం చేయకూడదు. సుభద్రమ్మ ఇవన్నీ పాటించింది. మరో పూర్వ సహోద్యోగి కొడుకును, తనకు రక్తపోటు చూసే డాక్టరును సాక్షులుగా పిలిచింది. ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడే, చనిపోవడానికి మూడేళ్ల ముందే రాసింది. అమలు చేసే బాధ్యత పిల్లల్లో ఎవరికీ ఇవ్వకుండా స్నేహితురాలికి అప్పగించింది. ఇలాంటివాళ్లను వీలునామాలో ఎగ్జిక్యూటర్ అంటారు. రమణ కోర్టుకు వెళ్లినా అతని చేతిలో పెద్దగా ఆధారం ఉండదు.

నామినీకి వచ్చిన చెక్కు

కాగితం గట్టిగానే ఉంది. అయినా ఆ ఇంట్లో డబ్బు వీలునామా చెప్పిన దారిలో పోలేదు. 20 లక్షల డిపాజిట్‌కు నామినీ రమణ. పోస్టాఫీసు డబ్బుకు నామినీ లలిత. లక్ష రూపాయల సేవింగ్స్ ఖాతా తల్లీకూతుళ్ల పేరున ఉంది, ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చన్న పద్ధతిలో. నామినేషన్లన్నీ ఎప్పుడో పన్నెండేళ్ల కిందట, ఖాతా తెరిచిన రోజున, ఎవరు పక్కనుంటే వాళ్ల పేరు రాసినవి. వీలునామా రాసినప్పుడు వాటిని మార్చాలని ఎవరికీ తట్టలేదు.

బ్యాంకు వీలునామా చూడదు. మరణ ధ్రువపత్రం, గుర్తింపు పత్రాలు తీసుకుని నామినీకి డబ్బు ఇచ్చేస్తుంది. అక్కడితో బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. రమణ ఖాతాలో 20 లక్షలు పడ్డాయి. లలితకు 15 లక్షలు, ఉమ్మడి ఖాతాలో లక్ష, మొత్తం 16 వచ్చాయి. డాలస్‌లో ఉన్న కిరణ్‌కు ఏమీ రాలేదు. “బ్యాంకోళ్లే నాకిచ్చారు, అమ్మ నన్నే నామినీగా పెట్టింది, అంటే అది నాకే,” అన్నాడు రమణ.

మన దగ్గర అన్నదమ్ములు విడిపోవడానికి ఈ అపోహ ఒక పెద్ద కారణం. నామినీ డబ్బు అందుకునే మనిషే గానీ యజమాని కాదు. బ్యాంకు డిపాజిట్ల గురించి 2010లో రామ్‌చందర్ తల్వార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. డిపాజిట్ చనిపోయిన మనిషి ఆస్తిలో భాగమేననీ, వారసత్వ నియమాల ప్రకారమే చేరాల్సినవాళ్లకు చేరాలనీ చెప్పింది. ప్రభుత్వ పొదుపు పత్రాల విషయంలోనూ అంతకుముందే ఇదే మాట చెప్పింది. ఉమ్మడి ఖాతాలోనూ అంతే. బతికున్నవాళ్లు డబ్బు తీసుకోగలరు గానీ, అది తల్లి వేసిన డబ్బైతే తల్లి ఆస్తి లెక్కలోకే వస్తుంది. జీవిత బీమా ఒక్కదాని దారి కొంత వేరు. 2015 సవరణ తర్వాత పాలసీదారు భార్యను గానీ, భర్తను గానీ, తల్లిదండ్రులను గానీ, పిల్లలను గానీ నామినీగా పెడితే ఆ సొమ్ము వాళ్లకే చెందుతుందని చట్టంలో రాశారు.

కాబట్టి రమణ తన 12 లక్షలు ఉంచుకుని 8 లక్షలు తిరిగి ఇవ్వాలి. లలిత దగ్గర 16 ఉన్నాయి, ఆమెకు రావాల్సినవి 18. రమణ ఇచ్చేవాటిలో 2 లక్షలు లలితకు, 6 లక్షలు కిరణ్‌కు పోతే వీలునామా లెక్క సరిపోతుంది. ఇవ్వనంటే కిరణ్, లలిత దావా వేయాల్సిందే. తెలుగు రాష్ట్రాల్లోని ఆస్తి మీద హిందువులు రాసిన వీలునామాకు ప్రొబేట్ అనే కోర్టు ముద్ర తప్పనిసరి కాదు. అయినా తోబుట్టువుల్లో ఒకరు ఎదురుతిరిగితే అది నిజమైనదని కోర్టులో రుజువు చేసుకోక తప్పదు.

2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు. అన్నీ కలిపితే నూరు కావాలి. సుభద్రమ్మ లాంటి తల్లికి ఈ ఏర్పాటు బాగా పనికొస్తుంది. వీలునామాలో ఉన్న నిష్పత్తినే నామినేషన్‌లోనూ రాస్తే ఎవరి డబ్బు వాళ్ల ఖాతాలోనే పడుతుంది, ఒకరి చేతిలోంచి మరొకరు గుంజుకోవాల్సిన అవస్థ ఉండదు. బ్యాంకుకు వెళ్లి పాత నామినేషన్లు ఓసారి చూసుకోవడం వీలునామా రాసే పనిలో భాగమే.

రూపాయలు కాదు, వంతులు

సుభద్రమ్మ మరో మంచి పని చేసింది. ‘లలితకు 18 లక్షలు’ అని రాయలేదు, ‘నా డబ్బులో సగం’ అని రాసింది. ఈ తేడా ఎంత ముఖ్యమో చివరి నెలల్లో తెలిసింది. ఆసుపత్రి ఖర్చు 3 లక్షలైంది. లలిత అప్పు చేసి కట్టింది. చనిపోయినవాళ్ల బాకీలు, అంత్యక్రియల ఖర్చులు తీర్చాకే మిగిలినది వాటాలకు వస్తుంది. తల్లి తరఫున పెట్టిన ఖర్చని రశీదులతో చూపించగలిగితే ఆ 3 లక్షలు లలితకు ముందు తిరిగి రావాలి. అప్పుడు మిగిలేది 33 లక్షలు. సగం అంటే 16.5, మూడో వంతు 11, ఆరో వంతు 5.5 లక్షలు. వంతులుగా రాస్తే డబ్బు తగ్గినా పెరిగినా ఆ తేడా అందరి మీదా ఒకే నిష్పత్తిలో పడుతుంది.

‘ఫలానా బ్యాంకులో ఫలానా నంబరు డిపాజిట్ రమణకు’ అని రాసి ఉంటే? ఆ డిపాజిట్ గడువు తీరి ఆమె దాన్ని వైద్యానికి వాడేసుకుంటే, రమణకు ఇస్తానన్న వస్తువే లేదు కాబట్టి అతనికి దానికింద ఏమీ రాదు. మిగతావాళ్ల వాటాల్లోంచి పూరించాలన్న నియమమూ లేదు. సమానంగా పంచాలనుకున్న తల్లి కూడా ఇలా రాసి, తెలియకుండానే ఒకరికి అన్యాయం చేసిన సందర్భాలుంటాయి.

బతికుండగానే ఇచ్చేస్తే?

‘పోయాక గొడవలెందుకు, ఇప్పుడే రాసిచ్చేయమ్మా’ అనే పిల్లలూ ఉంటారు. గిఫ్ట్ డీడ్ అంటే ఆ క్షణం నుంచే ఆస్తి చేయి దాటిపోయినట్టు. వీలునామా అలా కాదు, ప్రాణం ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చినా పిల్లలు మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలు 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఊర్మిళా దీక్షిత్ అనే తల్లి కొడుకుకు రాసిచ్చిన ఆస్తిని ఈ సెక్షన్ కిందే తిరిగి పొందింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. కానీ అక్కడిదాకా రావడానికి ఆమె కింది అధికారి నుంచి సుప్రీంకోర్టు దాకా కొడుకుతో పోరాడాల్సి వచ్చింది. తిండికీ మందులకూ ఆధారమైన డబ్బును చివరిదాకా తన పేరునే ఉంచుకోవడం తల్లికి క్షేమం.

కారణం రాసిన పేజీ

సుభద్రమ్మ వీలునామాలో రెండో పేజీ ఉంది. స్నేహితురాలు మొదటి పేజీ చదవగానే గొడవ మొదలైంది కాబట్టి ఆ రోజు దాన్ని ఎవరూ వినిపించుకోలేదు. నాలుగు రోజుల తర్వాత కిరణ్ అడిగి చదివించుకున్నాడు. అందులో ఇలా ఉంది. 2008లో అతని అమెరికా చదువుకు 9 లక్షలు ఇచ్చింది. అప్పట్లో అది తన దగ్గరున్న దాంట్లో ఎక్కువ భాగం. దాన్ని అప్పుగా ఎప్పుడూ అనుకోలేదు, కానీ పంపకంలో గుర్తు పెట్టుకుంది. రమణకు ఏదీ తగ్గించకూడదనే మూడో వంతు ఉంచింది. లలిత తన కోసం ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం మానేసింది, ఆ ఆరేళ్ల జీతం ఎవరూ ఇవ్వలేదు. ‘ప్రేమలో ముగ్గురూ సమానమే, అవసరాల్లో కాదు’ అని ఆవిడ దస్తూరితోనే ఉంది.

కారణం రాయాలని చట్టంలో ఎక్కడా లేదు. అయినా ఆ పేజీ కోర్టులోనూ ఇంట్లోనూ పనికొస్తుంది. తేదీలతో, మొత్తాలతో సహా ఎవరికి ఎప్పుడు ఏమిచ్చిందో రాసిన తల్లికి మతి స్థిమితం లేదని వాదించడం కష్టం. ఇక ఇంట్లో, ‘అమ్మ నన్ను తక్కువ చూసింది’ అన్న బాధకు అది ఒక్కటే జవాబు. కారణం రాసేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ఇచ్చినవాటి గురించీ అవసరాల గురించీ రాయాలి గానీ బిడ్డల గుణగణాల మీద తీర్పులు రాయకూడదు. ‘పెద్దాడు పట్టించుకోలేదు’ అన్న ఒక్క వాక్యం చాలు, పదేళ్ల దావాకు. రాసిన విషయాలు నిజమై ఉండాలి కూడా. తప్పని తేలిన కారణం, అసలు కారణమే రాయకపోవడం కంటే ఎక్కువ అనుమానం తెస్తుంది.

వీలైతే ఆ కారణాలు తల్లి తన నోటితో, బతికుండగానే ముగ్గురితో కలిపి ఒకేసారి చెబితే మరీ మంచిది. మొత్తాలు చెప్పనక్కర్లేదు. ఇంకా మార్చుకునే హక్కు తనకుందని కూడా చెప్పాలి, లేకపోతే మార్పించే ఒత్తిడి మొదలవుతుంది. సుభద్రమ్మ ఈ ఒక్క పని చేయలేకపోయింది. లలితకు కూడా ఆ రోజే తెలియడానికీ, ఆమె మాట అన్నదమ్ములు నమ్మకపోవడానికీ కారణం అదే.

ముగ్గురూ ఒప్పుకుంటే

వీలునామా చెప్పిందే అంతిమం కావాలన్న నిర్బంధం పిల్లలకు లేదు. వాటాలున్న వాళ్లంతా మేజర్లై, ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే వేరే రకంగా పంచుకోవచ్చు. ఇలాంటి కుటుంబ ఒప్పందాలను కోర్టులు వీలైనంతవరకూ నిలబెట్టాలని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటిమాటగా జరిగిన ఒప్పందం కూడా చెల్లుతుందనీ, జరిగిపోయినదాన్ని గుర్తుగా రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదనీ అందులో తేల్చింది.

సుభద్రమ్మ ఇంట్లో రెండో పేజీ చదివాక రమణకు ఫోను చేసింది కిరణే. “అన్నయ్యా, నా చదువు డబ్బు సంగతి నిజమే. నాకు రావాల్సినదాని గురించి నేను కేసు వేయను. నువ్వు మాత్రం అక్కని ఆ మాట అనకు,” అన్నాడు. రమణ వెంటనే మెత్తబడలేదు. ముందు ఆసుపత్రి బిల్లులు చూపించమన్నాడు. లలిత రశీదులన్నీ వాట్సాప్‌లో పంపింది. వాటిలో అతను ఎప్పుడూ వినని రెండు ఆపరేషన్ల బిల్లులు ఉన్నాయి.

నెల తర్వాత ముగ్గురూ ఒక లెక్క రాసుకున్నారు. 36 లక్షల్లో ముందు లలిత అప్పు 3 లక్షలు తీర్చేయడం. మిగిలిన 33లో రమణకు 11. లలిత తన సగంలోంచి లక్ష తమ్ముడికి వదులుకోవడంతో ఆమెకు 15.5, కిరణ్‌కు 6.5. లలిత దగ్గర అప్పటికే ఉన్న 16కు రమణ పంపాల్సింది 2.5 లక్షలు, కిరణ్‌కు పంపాల్సింది 6.5. అంటే తన దగ్గరున్న 20 లక్షల్లోంచి 9 లక్షలు. రమణ రెండు విడతలుగా బ్యాంకు ద్వారానే పంపాడు. ఆ బదిలీల వివరాలు, ముగ్గురి సంతకాలు ఉన్న కాగితానికి మూడు ప్రతులు తీసి, వీలునామా నకలుతో కలిపి తలా ఒకటి ఉంచుకున్నారు. వీలునామా అసలు ప్రతి స్నేహితురాలి దగ్గరే ఉంది. ఇకపై బీరువాలోని బంగారం గురించి మాట్లాడుకోవాలి. వీలునామాలో సుభద్రమ్మ రాసింది డబ్బు గురించే. నగల ప్రస్తావన లేదు కాబట్టి వాటికి 15వ సెక్షన్ వర్తిస్తుంది, అవి ముగ్గురికీ సమానం.